రాత్రి డ్యూటీకి కొత్త వాచీ

నా పాత వాచీ డయలు నలుపు, ముళ్లు వెండి రంగు. పగలు ఎంతో అందంగా ఉండేది. రాత్రి రెండు గంటలకు వార్డులో చిన్న లైటు కింద మాత్రం సెకన్ల ముల్లు కనిపించేది కాదు. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టుతో నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. చూపు చుక్క మీదా ముల్లు మీదా ఒకేసారి ఉండాలి. డిజిటల్ వాచీలో మారే అంకెలు చదువుతుంటే నాకు లెక్క తప్పేది.

అందుకే ఈసారి దుకాణంలో లైట్లకు దూరంగా, ఓ మూలకు తీసుకెళ్లి చూశాను. తెల్ల డయలు, పన్నెండు నల్ల అంకెలు, అంచు గీతలను తాకేంత పొడవైన నల్లని సెకన్ల ముల్లు. చీకట్లో మెరిసే పూతను నమ్ముకోలేదు. వెలుగు తగలకపోతే అది తెల్లవారేసరికి మసకబారుతుంది.

పాత తోలు పట్టీ చెమట పీల్చి వాసన పట్టింది. ఇది సిలికాన్ పట్టీ. డ్యూటీ దిగాక విప్పి సబ్బుతో కడుగుతాను, రంధ్రాల్లో మురికిని మెత్తని బ్రష్‌తో తీస్తాను. చేతులు కడిగేటప్పుడు వాచీ జేబులోకే, దాని కింది చర్మం కూడా శుభ్రపడాలి కదా.

నిన్న రాత్రి ఒక పెద్దాయన శ్వాసను పూర్తి నిమిషం లెక్కపెట్టాను. 28 వచ్చింది. వెంటనే డాక్టరుగారిని పిలిచాను.