మెడలో తిరగబెట్టిన గడ్డకు బోరాన్ న్యూట్రాన్ చికిత్స: నా అనుభవం

గొంతు పైభాగంలో వచ్చిన క్యాన్సర్‌కు నాకు మొదట అందరికీ ఇచ్చే చికిత్సే ఇచ్చారు. కీమోథెరపీతో పాటు 35 సిట్టింగుల్లో మొత్తం 70 గ్రేల రేడియేషన్ పూర్తయింది. గొంతులోని గడ్డ పూర్తిగా పోయింది గాని, కొంతకాలానికి మెడ ఎడమ పక్క ఒక లింఫు గ్రంథిలో వ్యాధి తిరగబెట్టింది. అది వెన్నెముక ముందుండే కండరాలకు అతుక్కుని ఉన్నందువల్ల కోసి తీయడం కుదరదని సర్జన్ చెప్పారు. దాని పక్కనే మెదడుకు రక్తాన్ని తీసుకువెళ్ళే కెరోటిడ్ ధమని ఉంది. ఆ ధమని గోడ ఇప్పటికే 70 గ్రేలు భరించింది కాబట్టి అదే చోట మళ్ళీ పూర్తి మోతాదు రేడియేషన్ ఇస్తే అది చిట్లి ప్రాణాపాయం కలగవచ్చు.

నేను ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళుగా జపాన్‌లో, ఒసాకా ప్రాంతంలో ఉంటున్నాను. ఆపరేషన్‌కు వీలుకాని తల, మెడ క్యాన్సర్లకు బోరాన్ న్యూట్రాన్ క్యాప్చర్ థెరపీని జపాన్ 2020 మార్చిలో ఆమోదించింది. ఆ ఏడాది జూన్ నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమా కూడా దానికి వర్తిస్తోంది. అప్పుడు ఈ చికిత్స మొదలుపెట్టిన ఆసుపత్రులు రెండు: ఒకటి ఫుకుషిమా జిల్లా కోరియామాలోను, మరొకటి ఒసాకా దగ్గరి తకత్సుకిలోను ఉన్నాయి. నా వైద్యులు నా కాగితాలను ఈ చికిత్స చేసే కేంద్రానికి పంపారు.

ఆ సంగతి చెప్పినప్పుడు గుంటూరు నుంచి మా తమ్ముడు ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న, "అన్నయ్యా, ఇక రేడియేషన్ ఇవ్వకూడదన్నారు కదా, మళ్ళీ ఇదేమిటి?" అని. సరైన ప్రశ్నే. అదే ప్రశ్న నేను కేంద్రంలోని డాక్టరుగారిని అడిగితే, ఆయన చాలా ఓపికగా కాగితం మీద బొమ్మలు వేసి వివరించారు.

మామూలు రేడియేషన్‌లో కిరణం తన దారిలో ఉన్న ప్రతి కణానికీ శక్తిని వదులుతూ పోతుంది. ఎంత జాగ్రత్తగా గురిపెట్టినా, గడ్డకూ ధమనికీ మధ్య మిల్లీమీటర్ల తేడా ఉన్నప్పుడు రెంటినీ వేరుచేయడం దానివల్ల కాదు. ఈ చికిత్సలో వేరుచేసే పని కిరణానిది కాదు, మందుది. బోరాన్ పరమాణువుల్లో ఒక రకమైన బోరాన్-10 అనే ఐసోటోపు నెమ్మదిగా కదిలే న్యూట్రాన్లను పట్టుకోవడంలో మన ఒంట్లోని హైడ్రోజన్ కంటే పదివేల రెట్లకు పైగా సమర్థమైనది. న్యూట్రాన్‌ను పట్టుకున్న బోరాన్ కేంద్రకం వెంటనే రెండుగా చీలి ఒక ఆల్ఫా కణంగాను, ఒక లిథియం కేంద్రకంగాను విడిపోతుంది. అవి ఎదురెదురు దిక్కులకు దూసుకుపోతాయి గాని, ఆల్ఫా కణం 9 మైక్రాన్ల దగ్గర, లిథియం 5 మైక్రాన్ల దగ్గర ఆగిపోతాయి. మన కణం అడ్డుకొలత సుమారు 10 మైక్రాన్లు. అంటే ఆ చీలికలో పుట్టిన శక్తి దాదాపు అంతా బోరాన్ ఉన్న కణంలోనే, మహా అయితే దానికి ఆనుకున్న కణంలో ఖర్చయిపోతుంది. అంత కొద్ది దూరంలో అంత శక్తి దిగినప్పుడు డి.ఎన్.ఎ. రెండు పోగులూ ఒకేచోట తెగుతాయి, అలా తెగినదాన్ని కణం తిరిగి అతికించుకోవడం చాలా కష్టం.

కాబట్టి అంతా గడ్డలో బోరాన్ ఎంత చేరుతుంది, చుట్టుపక్కల ఎంత మిగులుతుంది అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. ఈ ఆలోచనను 1936లోనే గోర్డన్ లోచర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రతిపాదించారు. 1951లో బ్రూక్‌హేవెన్ రియాక్టర్ వద్ద మెదడు గడ్డలున్న రోగులకు ప్రయత్నించారు గాని, అప్పటి బోరాన్ లవణాలు గడ్డను ఎంచుకుని చేరేవి కావు. అవి రక్తంలోనే ఎక్కువగా ఉండిపోయినందువల్ల దెబ్బ రక్తనాళాలకూ తగిలింది. ఇప్పుడు వాడే బోరోఫాలన్ అనే మందు, ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లానికి బోరాన్ తగిలించి చేసినది. వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలు అమైనో ఆమ్లాలను లోపలికి లాక్కునే ద్వారాలను తమ పొర మీద ఎక్కువగా పెంచుకుంటాయి, ఆ ద్వారాల గుండానే ఈ మందు లోపలికి వెళుతుంది. ప్రకృతిలో దొరికే బోరాన్‌లో బోరాన్-10 సుమారు ఐదో వంతే ఉంటుంది కాబట్టి, ఆ ఐసోటోపును వేరుచేసి మరీ మందు తయారుచేస్తారు.

నా గడ్డ ఆ మందును లాక్కుంటుందో లేదో ముందే చూడడానికి, అదే అణువుకు రేడియోధార్మిక ఫ్లోరిన్ చేర్చి పెట్ స్కాన్ తీశారు. గడ్డలో చేరినది ఆరోగ్యవంతమైన కణజాలం కంటే కనీసం రెండున్నర రెట్లు ఉండాలని అక్కడ చూస్తారు. నాకు మూడు రెట్లు వచ్చింది. తెరమీద మెడ ఎడమ పక్క ఆ ముద్ద స్పష్టంగా వెలుగుతూ కనిపించింది గాని, నోటి లోపలి పొరా, లాలాజల గ్రంథులూ కూడా కొద్దిగా వెలిగాయి. డాక్టరుగారు వాటినే ప్రత్యేకంగా వేలుపెట్టి చూపించి, మోతాదుకు హద్దు పెట్టేది గడ్డ కాదు, ఈ పొరేనని చెప్పారు.

చికిత్స రోజు ఉదయం ఆ మందును సెలైన్‌లా ఎక్కించడం మొదలైంది. శరీర బరువులో కిలోకు గంటకు 200 మిల్లీగ్రాముల చొప్పున రెండు గంటలు ఎక్కించి, ఆ తరువాత న్యూట్రాన్లు పడుతున్నంతసేపూ సగం వేగంతో ఎక్కిస్తూనే ఉంటారు. నా బరువు అప్పటికి 60 కిలోలు. మొదటి రెండు గంటల్లో 24 గ్రాములు వెళ్ళింది. పూర్తి మోతాదు 30 గ్రాములు, అంటే సుమారు లీటరు ద్రవం, అందులో అసలు బోరాన్ ఒకటిన్నర గ్రాము లోపే. ఈ మందు మూత్రంలో స్ఫటికాలుగా పేరుకునే ప్రమాదం ఉంది కాబట్టి ముందు నుంచీ నీళ్ళు బాగా తాగించారు, మూత్రం రంగును నర్సు ప్రతిసారీ రాసుకున్నారు.

రెండు గంటలు పూర్తికాగానే రక్తం తీసి అందులో బోరాన్ ఎంత ఉందో కొలిచారు. ఎంతసేపు న్యూట్రాన్లు ఇవ్వాలో ఆ అంకెను బట్టే తేలుతుంది. నాకు గ్రాము రక్తానికి 25 మైక్రోగ్రాములు ఉందన్నారు. పెట్ స్కాన్ ప్రకారం గడ్డలో దానికి మూడు రెట్లు, అంటే 75 ఉంటుందని అంచనా. ఇంజనీరుని కావడంతో ఈ లెక్క నేను తరువాత వారి సాయంతో స్వయంగా వేసి చూసుకున్నాను. గ్రాములో వంద కోట్లో వంతు బరువున్న ఒక క్యాన్సర్ కణంలో 75 లెక్కన సుమారు 450 కోట్ల బోరాన్ పరమాణువులు ఉంటాయి. చదరపు సెంటీమీటరుకు లక్ష కోట్ల న్యూట్రాన్లు పడితే, దాదాపు 30 కోట్ల బోరాన్ పరమాణువుల్లో ఒక్కటి మాత్రమే న్యూట్రాన్‌ను పట్టుకుంటుంది. అంటే ఆ కణంలో జరిగే చీలికలు పదిహేను. 25 మైక్రోగ్రాములే ఉన్న పక్క కణంలో అవి ఐదు.

ఐదు అంటే సున్నా కాదు. ఈ చికిత్స ఆరోగ్యవంతమైన కణాన్ని తాకదనుకోవడం నిజం కాదు, తక్కువగా తాకుతుందనడమే నిజం. పైగా శరీరమంతటా ఉన్న హైడ్రోజన్ కూడా న్యూట్రాన్లను పట్టుకుని దూరం పోయే గామా కిరణాలను విడుదల చేస్తుంది, నైట్రోజన్ ప్రోటాన్లను విడుదల చేస్తుంది. ఈ మోతాదు బోరాన్ ఉన్నా లేకపోయినా అన్ని కణాలకూ తగులుతుంది. అందుకే జీవకణాల మీద పడే ప్రభావాన్ని బట్టి అన్నింటినీ ఒకే కొలమానంలోకి మార్చి, నోటి, గొంతు పొరకు గరిష్ఠంగా 12 గ్రే-ఈక్వివలెంట్ దాటకుండా సమయాన్ని నిర్ణయిస్తారు. గడ్డకు ఎంత అందుతుందన్నది ఆ హద్దులోపల తేలే విషయం.

న్యూట్రాన్లు రియాక్టర్ నుంచి కాక, 30 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లను బెరీలియం పలక మీదికి కొట్టే సైక్లోట్రాన్ అనే యంత్రం నుంచి వస్తాయి. అవి బయటికి వచ్చేటప్పుడు కాస్త వేగంగానే ఉంటాయి, చర్మం దాటి రెండు సెంటీమీటర్లు లోపలికి వెళ్ళేసరికి శరీరంలోని హైడ్రోజన్‌ను ఢీకొని నెమ్మదిస్తాయి. బోరాన్ పట్టుకునేది అలా నెమ్మదించిన వాటినే. అక్కడి నుంచి లోతు పెరిగేకొద్దీ వాటి సంఖ్య త్వరగా తగ్గిపోతుంది, ఆరేడు సెంటీమీటర్లు దాటిన గడ్డకు ఈ చికిత్స చాలదు. నా గడ్డ వెనుక అంచు చర్మం నుంచి ఐదు సెంటీమీటర్ల లోతులో ఉంది.

ముందు రోజు రిహార్సల్ చేసినట్లే, ముఖానికీ మెడకూ మాస్క్ బిగించి మెడను గోడలోని రంధ్రానికి దాదాపు ఆనించి పడుకోబెట్టారు. అక్కడ ఖాళీ వదిలితే న్యూట్రాన్లు పక్కలకు చెదిరిపోతాయి. ఉంగరం, గొలుసు ముందే తీయించారు, ఎందుకంటే లోహాలు న్యూట్రాన్లు తగిలి కొంతసేపు రేడియోధార్మికమవుతాయి. నలభై నిమిషాలకు పైగా ఆ మాస్క్‌లో కదలకుండా ఉండడమే నాకు కష్టమనిపించింది. నొప్పి గాని, వేడి గాని లేదు. బయటికి వచ్చాక నా ఒంట్లోని సోడియం కూడా కాస్త రేడియోధార్మికమై ఉంటుందని, ఆ రోజుకు నా భార్యను ఎక్కువసేపు దగ్గర కూర్చోవద్దని చెప్పారు. చికిత్స అంతే, ఒక్కసారితో పూర్తి.

మరునాడు ఎడమ దవడ కింద లాలాజల గ్రంథి ఉబ్బి, రక్తంలో ఆ గ్రంథి తయారుచేసే అమైలేజ్ అనే ఎంజైము పెరిగింది. వికారం కొన్నాళ్ళు ఉంది. వారం దాటాక గొంతు పొర ఎడమ వైపు తెల్లబడి పుండ్లయింది, జావ తప్ప ఏదీ మింగలేకపోయాను. ఎడమ చెవి వెనుక జుట్టు గుత్తులుగా రాలింది. ఇవన్నీ ముందే చెప్పినవే. అనుమతికి ఆధారమైన 21 మంది పరీక్షలోనూ జుట్టు రాలడం, అమైలేజ్ పెరగడం, వికారం ఎక్కువమందిలో కనిపించాయి. ఆ పరీక్షలో 71 శాతం మందికి గడ్డ తగ్గింది. ఈ వ్యవధిలో వారు అన్నింటికంటే జాగ్రత్తగా కనిపెట్టి చూసినది ధమనిని. నోటి నుంచి ఎర్రటి రక్తం కొద్దిగా కనిపించినా అర్ధరాత్రయినా ఆగకుండా రావాలని నాకూ నా భార్యకూ వేరువేరుగా చెప్పి, ఇద్దరి చేతా తిరిగి చెప్పించారు.

మూడు నెలల తరువాత తీసిన ఎం.ఆర్.ఐ.లో ముద్ద ముందు భాగం, ధమనికి ఆనుకున్న వైపుతో సహా, కనిపించలేదు. ధమని గోడ చెక్కుచెదరలేదు. వెనుక అంచున, వెన్నెముక కండరాల దగ్గర, సన్నటి చార మిగిలింది. డాక్టరుగారు చికిత్స ప్రణాళికను తెర మీద పక్కన పెట్టి చూపించారు. ఆ చార సరిగ్గా న్యూట్రాన్లు పలచబడిన లోతులోనే, గడ్డకు అతి తక్కువ మోతాదు పడిన గీత వెంబడే ఉంది. అది మచ్చా, మిగిలిన వ్యాధా అన్నది తేల్చడానికి వచ్చే నెల మరో పెట్ స్కాన్ రాశారు. అది వ్యాధే అయితే, పొర పూర్తిగా మానిందో లేదో చూసి తరువాత ఏం చేయాలో ఆలోచిద్దామన్నారు.