మూడువేల ఐదొందల యాభైయేనా?

"అన్నా, నా ఫోన్లోనే ఐదువేలుంది. లాప్‌టాప్ బ్యాటరీకి 3550 ఎంఏహెచ్ ఏంటి?" ఇవాళ సికింద్రాబాద్ సీటీసీలో ఒక కొట్లో కాస్త గట్టిగానే అడిగాను.

ఆయన ఏమీ అనకుండా బ్యాటరీ తిప్పి లేబుల్ మీద వేలు పెట్టాడు. 15.2 ఓల్టులు, 54 వాట్ అవర్.

ఎంఏహెచ్‌ని వెయ్యితో భాగించి ఓల్టులతో గుణిస్తే వచ్చేదే వాట్ అవర్. అసలు శక్తి అదీ. నా ఫోన్ బ్యాటరీ 3.85 ఓల్టులు కాబట్టి, ఐదువేలున్నా 19 వాట్ అవరే!

లాప్‌టాప్ బ్యాటరీలో నాలుగు సెల్స్ ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉన్నాయి. అలా కలిపితే ఓల్టులు నాలుగింతలవుతాయి, ఎంఏహెచ్ మాత్రం ఒక్క సెల్‌దే ఉంటుంది. పవర్‌బ్యాంకుల్లో మామూలుగా సెల్స్‌ని పక్కపక్కన ప్యారలల్‌లో కలుపుతారు. ఓల్టులు పెరగవు, ఎంఏహెచ్ కూడుతూ పోతుంది. డబ్బా మీద వేసుకోవడానికి పెద్ద అంకె!

నా 20,000 పవర్‌బ్యాంకు లాప్‌టాప్‌ని ఐదుసార్లు నింపాలి కదా అని ఇన్నాళ్లూ దాన్ని తిట్టుకున్నాను. మెట్రోలో కూర్చుని లెక్కేశా. 3.7 ఓల్టుల దగ్గర అది 74 వాట్ అవర్. లాప్‌టాప్‌కి కావాల్సింది 54. ఓల్టులు పెంచి పంపడంలో కొంత వేడిగా పోతుంది కూడా. ఒక్కసారి నిండితే ఎక్కువ.

పాపం, అది ఇన్నాళ్లూ చేసింది సరిగ్గా అంతే.