ఉదయం ఆరు గంటల ఇన్సులిన్

విజయవాడలో ఒక ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. నెలలో పదిహేను రోజులు నైట్ డ్యూటీ, రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు. తొమ్మిదేళ్లుగా ఇదే వరస కాబట్టి రాత్రి మెలకువ నాకు అలవాటైపోయిందని నమ్మేదాన్ని. ఆ నమ్మకం ఒక రోజు ఉదయం డ్యూటీ అప్పగించే వేళ పోయింది.

నాలుగో బెడ్ పెద్దాయనకు ఆరింటికి షుగర్ చూసి ఇన్సులిన్ ఇవ్వాలి. షుగర్ అంకె చార్టులో నా చేతిరాతతోనే ఉంది. ఇన్సులిన్ గడి మాత్రం ఖాళీ. డ్యూటీకి వచ్చిన సిస్టర్ అడిగితే ‘ఇవ్వలేదనుకుంటాను’ అన్నాను. ఆమె సిరంజి నింపుకొని దగ్గరకు వెళ్లగానే పెద్దాయన చొక్కా కిందికి లాక్కుంటూ, ‘ఇందాకే పొడిచింది కదమ్మా ఆ అమ్మాయి’ అన్నాడు. డబ్బాలో వాడేసిన సూది కనిపించింది. ఆయన స్పృహలో లేకపోతే రెండో మోతాదు కూడా పడేది, గంటలో షుగర్ ప్రమాదకరంగా పడిపోయేది. నన్ను భయపెట్టింది రాయడం మరిచిపోవడం కాదు. ఇచ్చిన సంగతే నాకు గుర్తు లేదు. ఎంత తవ్వినా ఆ పది నిమిషాలు దొరకలేదు.

మా ఆసుపత్రిలోనే నిద్ర సమస్యలు చూసే డాక్టరు గారి దగ్గరకు వెళ్లాను. మందు రాస్తారనుకుంటే, రెండు వారాలు నిద్ర డైరీ రాయమన్నారు. దానితోపాటు కంప్యూటర్ మీద పది నిమిషాల పరీక్ష ఒకటి పెట్టారు. తెర మీద అంకె కనిపించగానే బటన్ నొక్కాలి, అంతే. నొక్కడానికి అర సెకను దాటితే అది తప్పిన లెక్క. నైట్‌లో రాత్రి పదింటికి చేస్తే ఒక్కసారి తప్పాను. అదే రాత్రి తెల్లవారుజామున ఐదింటికి పదకొండు సార్లు. చిత్రమేమిటంటే, ఐదింటికి కూడా నేను బాగానే చేశాననుకున్నాను.

డాక్టరు గారు బొమ్మ గీసి చెప్పారు. రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ ఉంటుంది. సుమారు 20 వేల నాడీకణాల చిన్న ముద్ద. ఒంటికి వేళలు చెప్పే పెద్ద గడియారం అదే. బయట పగలో రాత్రో దానికి ప్రధానంగా కంటి మీద పడే వెలుగే చెబుతుంది. చీకటి పడ్డాక అది మెదడులోని పీనియల్ గ్రంథిని మెలటోనిన్ అనే హార్మోను వదలనిస్తుంది. కంట్లో గట్టి వెలుగు పడితే ఆపిస్తుంది. రాత్రి నిద్రపోయే వాళ్లలో తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటల ప్రాంతంలో ఒంటి వేడి అట్టడుగుకు చేరుతుంది, చురుకుదనం కూడా అక్కడే అడుగంటుతుంది. నేను ఇన్సులిన్ ఇచ్చింది ఆ గుంటలోంచి ఇంకా పైకి రాని వేళ. పైగా డైరీ ప్రకారం నా పగటి నిద్ర నాలుగున్నర గంటలు దాటడం లేదు. నిద్ర చాలని మెదడు కొత్త విషయాన్ని పట్టుకోలేదు, పట్టుకున్నదాన్ని కూడా పదిలపరుచుకోలేదు. నా జ్ఞాపకం చెరిగిపోలేదు, అసలు పడనే లేదు.

తొమ్మిదేళ్లయినా ఆ గడియారం ఎందుకు మారలేదని అడిగాను. ‘ఇంటికి ఎలా వెళ్తారు?’ అని ఎదురు ప్రశ్న వేశారు. స్కూటీ మీద, ఎనిమిదిన్నరకు, ఎదురెండలో. అసలు కిటుకు అక్కడుంది. ఒంటి వేడి అట్టడుగుకు చేరడానికి ముందు పడే వెలుగు గడియారాన్ని ఆలస్యం చేస్తుంది. ఆ వేళ దాటాక పడే వెలుగు ముందుకు జరుపుతుంది. రాత్రంతా వార్డులో కూర్చుని నేను కాస్త వెనక్కి నెట్టినదాన్ని దారిలోని అరగంట ఎండ మళ్లీ మొదటికి తెచ్చేది. వీక్లీ ఆఫ్ రోజు ఇంట్లో అందరితో పాటు పదింటికి పడుకోవడంతో మిగిలింది కూడా పోయేది.

షికాగోలోని రష్ విశ్వవిద్యాలయంలో షార్మేన్ ఈస్ట్‌మన్ బృందం ప్రయోగాలు చేసిన పద్ధతి ఒకటి ఆయన నా చేత మొదలుపెట్టించారు. గడియారాన్ని పూర్తిగా తలకిందులు చేయరు. ఆ అట్టడుగు వేళను ఉదయం పది ప్రాంతానికి జరిపితే చాలు, అది పగటి నిద్రలో పడిపోతుంది. సెలవు రోజుల్లో కూడా తెల్లవారుజామున మూడు నుంచి మధ్యాహ్నం పన్నెండు వరకు పడుకుంటే అది అక్కడే నిలుస్తుంది. రాజీ అన్నమాట.

ఐసీయూలో పెద్ద లైట్లు వేయలేం, రోగులకు చీకటి కావాలి. స్టాఫ్ రూములో గట్టి లైటు పెట్టుకుని, ఒంటిగంట నుంచి నాలుగు లోపు, గంటకోసారి పావుగంట చొప్పున దాని ముందు కూర్చుని చార్టులు రాశాను. కొన్ని రాత్రులు ఒక్కసారే కుదిరింది. నాలుగు దాటాక లైటు ఆపడం. బయటకు వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు. అయితే నిద్రమత్తులో నల్లద్దాలతో స్కూటీ నడపడం ఇంకో ప్రమాదం, అందుకే బస్సులో వెళ్లాను. తొమ్మిదింటికల్లా మంచం మీద ఉండాలి. కిటికీకి నల్ల గుడ్డ కట్టాం. పదకొండింటికి అత్తయ్య కుక్కరు విజిల్ మాత్రం ఏ గుడ్డకూ లొంగలేదు.

మెలటోనిన్ బిళ్ల నేనే అడిగాను. అది నిద్రమాత్ర కాదని, ‘రాత్రయింది’ అని ఒంటికి చెప్పే కబురు మాత్రమేనని ఆయన అన్నారు. రాత్రి డ్యూటీ చేసేవారిలో అది పగటి నిద్రను సగటున 24 నిమిషాలే పెంచినట్టు పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే తేలిందట. ఉదయం పడుకోబోయే ముందు చిన్న మోతాదు ఇచ్చారు. నావరకు బిళ్ల కన్నా కళ్లద్దాలే ఎక్కువ పనిచేశాయని చెబుతాను.

ఆరో నైట్‌కి ఐదింటి పరీక్షలో నాలుగు సార్లే తప్పాను. పగటి నిద్ర ఆరున్నర గంటలకు వచ్చింది. తప్పడం మాత్రం సున్నా కాలేదు. కాబట్టి నాలుగు, ఆరు గంటల మధ్య నా జ్ఞాపకాన్ని నమ్మడం మానేశాను. సూది తీయగానే, బెడ్ పక్కనే నిలబడి సంతకం. ఇన్సులిన్ అయితే పక్క సిస్టర్ కూడా చూడాలి.

నేను దెబ్బతిన్నది నైట్స్ అయిపోయాక. మర్నాడు ఒక్క రోజు సెలవు, ఆ వెంటనే మార్నింగ్ డ్యూటీ. ఏడింటికి ఎండలో బయలుదేరాను, పగటి వెలుగు మేలు చేస్తుందనుకుని. నా అట్టడుగు వేళ ఇంకా తొమ్మిది, పది మధ్యనే ఉంది. అంటే ఏడింటి ఎండ అంతకు ముందు పడినట్టు లెక్క, గడియారాన్ని ఇంకా ఆలస్యం చేసింది. అయిదు రోజులు తల దిమ్ముగా తిరిగాను. మన గడియారం సహజంగా 24 గంటల కన్నా కాస్త నిదానం, సగటున 24 గంటల 10 నిమిషాల వరకు. అందుకే ఆలస్యంగా జరపడం తేలిక, ముందుకు తేవడం కష్టం.

నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి ఈ సంగతంతా రాసిచ్చాను. ఇప్పుడు మా ఆరుగురికి నైట్స్ తర్వాత ఒక వారం ఈవినింగ్, మధ్యాహ్నం రెండు నుంచి ఎనిమిది. రాత్రి రెండింటికి పడుకుని ఉదయం పదింటికి లేచి, లేవగానే డాబా మీదకు వెళ్తాను. రోజూ నిద్ర, ఎండ రెండూ అరగంట, ముప్పావుగంట ముందుకు జరుపుతూ మార్నింగ్‌కి చేరుకుంటాను. మిగతా వాళ్లకు రోస్టర్ ఇంకా మారలేదు. అత్తయ్య కుక్కరు పెట్టే వేళ కూడా మారలేదు గానీ, నా మంచం వెనక గదిలోకి మారింది.