పెండింగ్ అంటే ఎవరి దగ్గర?

నాన్నకి ఎడమ కిడ్నీలో రాయి. గాజువాకలో చూసిన డాక్టరుగారు యూరాలజీకి రిఫరల్ చీటీ రాసిచ్చారు. విశాఖలోనే ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే, ఆపరేషన్ చేయాలన్నారు. ఎన్టీఆర్ వైద్యసేవ కింద అనుమతికి పెడతామని కాగితాలు తీసుకుని, ‘ఫోన్ చేస్తాం’ అన్నారు. 18 రోజులైనా ఫోన్ లేదు.

ఈలోగా రెండుసార్లు వెళ్లొచ్చాను. రెండుసార్లూ సోమవారం పొద్దున్నే, ఓపీ కిటకిటలాడుతున్నప్పుడు. ‘మాది ఎప్పుడవుతుందండీ?’ అని అడిగాను. ‘పెండింగ్‌లో ఉంది’ అన్నారు. బస్సు ఛార్జీలు తప్ప మిగిలిందేమీ లేదు.

మా వీధిలో ఒకావిడ ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. విషయం విని నవ్వారు. ‘ఎప్పుడు అని అడిగితే ఎవరు చెప్తారమ్మా? ఫైలు ఎవరి దగ్గర ఆగిందో అడుగు. ఆసుపత్రి ఇంకా పంపలేదా, పంపితే పైనుంచి ఏదైనా క్వెరీ వచ్చిందా, లేక అనుమతి వచ్చి థియేటర్ డేట్ కోసమే ఆగిందా? ఈ మూడింటినీ పెండింగ్ అనే అంటారు.’

బుధవారం మధ్యాహ్నం మూడింటికి వెళ్లాను. వైద్యసేవ డెస్క్ దగ్గర ఇద్దరే ఉన్నారు. రిఫరల్ చీటీ, రేషన్ కార్డు, రిజిస్ట్రేషన్ నంబరున్న స్లిప్ ముందే చేతిలో పెట్టుకున్నాను. ‘మేడమ్, రెండు నిమిషాలు. నాన్నగారి కేసు ఏ స్టేజ్‌లో ఉందో చూసి చెప్తారా? మా వైపు నుంచి ఏదైనా ఇవ్వాల్సి ఉంటే ఇచ్చేస్తాను’ అన్నాను. ఆవిడ నంబరు కొట్టి, స్క్రీన్ కాస్త నా వైపు తిప్పారు. క్వెరీ వచ్చి 11 రోజులైంది. స్కాన్ రిపోర్ట్ ఉంది గానీ ఫిల్మ్ అప్‌లోడ్ కాలేదు. ‘ఫోన్ చేశామమ్మా, స్విచాఫ్ వచ్చింది’ అన్నారు. చూస్తే అది నాన్న ఎప్పుడో పారేసిన సిమ్ నంబరు. కోపం ఆవిడ మీద తెచ్చుకోవాలో నాన్న మీద తెచ్చుకోవాలో తెలియలేదు.

ఆ ఫిల్మ్ ఇంట్లో బీరువా మీద, పాత క్యాలెండర్ల కింద ఉంది. మర్నాడే ఇచ్చి, నా నంబరు రాయించి, ఆవిడ పేరూ తేదీ స్లిప్ వెనక రాసుకున్నాను. ‘మళ్లీ ఎప్పుడు కనుక్కోమంటారు?’ అని కూడా అడిగాను. సోమవారం తర్వాత రమ్మన్నారు, అంతవరకూ వెళ్లలేదు. డెస్క్ దగ్గర తేలకపోతే 104కి ఫోన్ చేయొచ్చని కూడా ఆవిడే చెప్పారు, ఆ అవసరం రాలేదు.

అనుమతి వచ్చాక కూడా థియేటర్ వరసలో తొమ్మిది రోజులు ఆగాం. దాన్ని బతిమాలి ముందుకు జరపలేం, ఎమర్జెన్సీలు ముందు వెళ్తాయి. అయితే చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా లిస్ట్ చూసుకుంటూ కూర్చోవద్దని, నేరుగా క్యాజువాల్టీకి రమ్మని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆ తొమ్మిది రాత్రులూ నాన్న నుదుటి మీద చెయ్యి వేసి చూస్తూనే ఉన్నాను. ఆయనేమో ‘నిద్రపోనీవే’ అని విసుక్కునేవారు.