ఎనిమిది వారాల్లో రెండు గదులు: స్లాబు తేదీ నుంచి లెక్క

ఉన్న ఇంటికి ఆనుకుని పన్నెండడుగుల గదులు రెండు కట్టించాం. పిల్లర్లు లేవు, తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీదే స్లాబు. మేస్త్రీ ఎనిమిది వారాలన్నాడు. నేను ముందుగా నాలుగో వారం చివర స్లాబు అని రాసుకుని, అక్కణ్ణుంచి వెనక్కీ ముందుకీ లెక్కేశాను. ఎందుకంటే గోడకి ఇద్దరు కూలీలను ఎక్కువ పెట్టొచ్చు గానీ, పోసిన కాంక్రీటు గట్టిపడటాన్ని ఎవరూ తొందరపెట్టలేరు.

మొదటి రెండు వారాలు పునాదికీ బేస్‌మెంటుకీ పోయాయి. తవ్విన మట్టి మళ్లీ బేస్‌మెంటు నింపడానికే కావాలి, దాన్ని ఒక పక్క పోసుకోవాలి. అందుకే ఆ మట్టి లోపలికి వెళ్లేదాకా ఇటుక లోడు రానివ్వలేదు. ఇంటి ముందున్నది ఒక్క లారీ తిరిగే జాగా. అక్కడ ఇటుకలు దింపేస్తే తర్వాత వచ్చే ఇసుక రోడ్డు మీద పడుతుంది.

బేస్‌మెంటు మీద కాంక్రీటు వేసేముందు టైల్స్ మేస్త్రీని ఒక పూట పిలిచాను. అతని పని ఎనిమిదో వారంలో, కానీ నేల మట్టం తేలేది రెండో వారంలోనే. టైలూ కింద మాలూ కలిపి రెండంగుళాలు తీసుకుంటాయన్నాడు. అంటే కొత్త కాంక్రీటు పై మట్టం పాత ఇంటి నేలకన్నా రెండంగుళాలు కిందే ఆగాలి. నీళ్ల పైపుతో లెవల్ చూసి, పాత గోడ మీదనుంచి కొత్త పని దాకా ఒకే గీత కొట్టించాం. తర్వాత గుమ్మాలు, కిటికీలు, స్విచ్చు బోర్డులు అన్నీ ఆ గీత నుంచే కొలిచారు.

మూడో వారం గోడలు. గుమ్మాలు గోడతోపాటే నిలబెట్టాలి కాబట్టి వడ్రంగి వాటిని అంతకుముందే తెచ్చి దింపాడు. కిటికీ గ్రిల్సుకి మాత్రం గోడ లేచాకే కొలత ఇచ్చాం.

నాలుగో వారమే అసలు టెన్షన్. సెంట్రింగ్ వాళ్లు దిగాక కంబి కట్టేవాళ్లు, మధ్యలో ఎలక్ట్రీషియన్, చివర కాంక్రీటు వాళ్లు. స్లాబులో కింది వరస కంబి కట్టాక ఫ్యాను బాక్సులు, పైపులు వేయాలి. ఆ తర్వాతే పై కంబి. ఎలక్ట్రీషియన్ వస్తానన్న రోజు రాలేదు. పైపులు తర్వాత స్లాబు చెక్కి వేద్దామని కంబి వాళ్లు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు, స్లాబే ఒక రోజు వెనక్కి జరిపాను. ఆ వారాంతంలో ఏ పనీ పెట్టకుండా ఒక రోజు ఖాళీ ఉంచుకున్నది ఇలాంటి వాటికే.

బీములతో కలిపి కాంక్రీటు సుమారు ఐదు ఘనపు మీటర్లు, దానికి నలభై బస్తాల సిమెంటు. ఆ బస్తాలు స్లాబుకి రెండు రోజుల ముందే దింపించాను. మొదటి వారంలోనే అన్నీ తెప్పిస్తే నెల రోజులు తేమ తగలకుండా కాపాడాలి, ఆ జాగా మాకు లేదు. ఇసుక, కంకర మాత్రం ముందు రోజు సాయంత్రానికి కళ్లెదుట ఉండాల్సిందే. సగం పోశాక కంకర కోసం ఆగితే, అప్పటికే పోసింది బిగిసి అక్కడ అతుకు పడుతుంది. ఆ అతుకులోంచే తర్వాత నీళ్లు కారతాయి.

ఐదు, ఆరు వారాల్లో పని ఆగిపోయినట్టు కనిపిస్తుంది. స్లాబు మీద కట్టలు కట్టి నీళ్లు నిలిపాం. కింద బీము ఉంది కాబట్టి పధ్నాలుగు రోజులు స్లాబును కింద నుంచి మోసే పోట్లు తీయనివ్వలేదు. లోపల అడుగు పెట్టే చోటు లేదు గనక బయటి గోడల ప్లాస్టరింగూ, బాత్రూం నీళ్లు పోయే లైనూ అప్పుడే కానిచ్చాం. టైల్స్ కూడా ఈ రోజుల్లోనే ఎంచుకుని ఆర్డరిచ్చాం.

ఏడో వారం పోట్లు తీశాక ఎలక్ట్రీషియన్ గోడ మీద బోర్డుల చోట్లు సుద్దతో గీశాడు. మేము చూసి సరే అన్నాకే గాడి కొట్టాడు. పైపుల ఫొటోలు టేపు పక్కన పెట్టి తీసుకున్నాకే ప్లాస్టరింగ్ వాళ్లను లోపలికి రానిచ్చాను. రేపు మేకు కొట్టాలంటే ఆ ఫొటోలే దిక్కు. ఎనిమిదో వారంలో టైల్స్, తలుపులు, వైరింగ్ అయ్యాయి.

పెయింటు ఈ ఎనిమిది వారాల్లో లేదు, మొదటినుంచీ పెట్టలేదు. గోడ ఇంకా తడి పీల్చుకుని ఉండగా పుట్టీ పెడితే పొరలుగా లేస్తుంది. మచ్చలు పోయి గోడంతా ఒకే లేత రంగులోకి వచ్చాక కబురు చేస్తానని పెయింటరుకి చెప్పాను. ఈలోపు సామాను సర్దుకుని ఒక గది వాడుకుంటున్నాం, కిటికీలు పగలంతా తెరిచే ఉంచుతున్నాం.