నెట్‌వర్క్స్‌లో ఏ మెథడ్ ఎప్పుడు వాడాలి: నేను వేసుకున్న ఫ్లోచార్ట్

గేట్ ఎలక్ట్రికల్‌కి చదివేవాళ్లకి నోడల్, మెష్, థెవెనిన్ విడివిడిగా వచ్చే ఉంటాయి. ప్రశ్న చూడగానే వాటిలో దేన్ని పట్టుకోవాలో తేలకపోవడమే ఇబ్బంది. మా కోర్సు నోట్స్‌లోని ఉదాహరణలు కూడా 'నోడల్ వాడదాం' అని మొదలైపోతాయి, ఎందుకు నోడల్ అన్నది చెప్పవు. అందుకని ప్రతి లెక్క పక్కనా ఆ మెథడ్ ఎంచుకోవడానికి కారణం ఏమై ఉంటుందో ఒక్క వాక్యంలో రాసుకుంటూ పోయాను. అన్నీ రాశాక చూస్తే అవే మూడు నాలుగు కారణాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. వాటిని వరసలో పెడితే ఫ్లోచార్ట్ తయారైంది.

మొదటి బాక్స్ సర్క్యూట్ గురించి కాదు, ప్రశ్న గురించి. ఏం అడిగారు? ఒక రెసిస్టర్ విలువ మారుతూ ఉందా, లేదా గరిష్ఠ పవర్ అడిగారా? అయితే ఇంకేం ఆలోచించకుండా థెవెనిన్‌కి వెళ్లాలి. విలువలన్నీ స్థిరంగా ఉండి వోల్టేజో కరెంటో అడిగితేనే రెండో బాక్స్‌కి వస్తాం. అక్కడ చేయాల్సింది లెక్కపెట్టడమే. రిఫరెన్స్‌ని వదిలేస్తే తెలియని నోడ్ వోల్టేజీలు ఎన్ని? తెలియని మెష్ కరెంట్లు ఎన్ని? ఏవి తక్కువుంటే ఆ దారి.

ఒక లెక్క చూద్దాం. 24 V సోర్స్ 4 Ω ద్వారా A నోడ్‌కి కలిసింది. A నుంచి గ్రౌండ్‌కి 6 Ω, 12 Ω ఉన్నాయి. గ్రౌండ్ నుంచి A లోకి 2 A కరెంట్ సోర్స్ ఉంది. 12 Ω మీద వోల్టేజ్ ఎంత? మెష్‌లు మూడు, కరెంట్ సోర్స్ వల్ల ఒకటి తగ్గినా ఇంకా రెండు తెలియనివి మిగులుతాయి. నోడ్ అయితే ఒక్కటే:

```
(V - 24)/4 + V/6 + V/12 = 2
V = 16 V
```

ఇప్పుడు అదే బొమ్మలో 12 Ω తీసేసి R పెట్టి, R కి చేరే గరిష్ఠ పవర్ అడిగారనుకోండి. సర్క్యూట్ దాదాపు అదే, కానీ మొదటి బాక్స్ దగ్గరే దారి మారిపోతుంది. 4 Ω, 6 Ω ప్యారలల్‌లో 2.4 Ω. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ 19.2 V. గరిష్ఠ పవర్ 38.4 W. R దగ్గర మళ్లీ 12 Ω పెట్టి చూస్తే 16 V వస్తుంది, పాత జవాబుతో సరిపోయింది.

థెవెనిన్ దారిలో ఒక ఉపప్రశ్న తప్పనిసరి: డిపెండెంట్ సోర్స్ ఉందా? ఎక్కువమంది జారేది ఇక్కడే. పై లెక్కలో 2 A సోర్స్ బదులు 0.5ix విలువగల డిపెండెంట్ సోర్స్ ఉందనుకోండి. ix అంటే 6 Ω లో కిందికి పారే కరెంట్. రెసిస్టెన్స్ కోసం ఇండిపెండెంట్ సోర్సులను మాత్రమే తీసేయాలి, అంటే 24 V ని షార్ట్ చేయాలి. డిపెండెంట్ సోర్స్ అలాగే ఉండాలి. అప్పుడు A దగ్గర బయటనుంచి 1 A పంపిస్తే:

```
V/4 + V/6 - 0.5(V/6) = 1
V = 3 V, Rth = 3 ohm
```

ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ 18 V, గరిష్ఠ పవర్ 27 W. డిపెండెంట్ సోర్స్‌ని కూడా తీసేస్తే రెసిస్టెన్స్ మళ్లీ 2.4 Ω అని, పవర్ 33.75 W అని వస్తుంది. ఆ అంకె కూడా నమ్మబుద్ధయ్యేలానే ఉంటుంది. ఆప్షన్లు లేని న్యూమరికల్ ప్రశ్నలో తప్పని పసిగట్టే వీలూ ఉండదు. చెక్ చేయడానికి ఒక దగ్గరి దారి ఉంది: A ని గ్రౌండ్‌కి షార్ట్ చేయండి. 6 Ω మీద వోల్టేజ్ సున్నా కాబట్టి ix సున్నా, డిపెండెంట్ సోర్స్ కూడా సున్నా. షార్ట్ కరెంట్ 24/4, అంటే 6 A. 18 ని 6 తో భాగిస్తే 3 Ω. అర నిమిషం కూడా పట్టదు. ఇండిపెండెంట్ సోర్సే లేని సర్క్యూట్‌లో మాత్రం ఈ చెక్ పనిచేయదు. వోల్టేజూ కరెంటూ రెండూ సున్నాలే కాబట్టి 1 A పంపే పద్ధతి ఒక్కటే దారి.

సూపర్‌పొజిషన్‌కి నా చార్ట్‌లో ఒక మూల చిన్న బాక్సే ఇచ్చాను. సోర్సుల ఫ్రీక్వెన్సీలు వేరైనప్పుడు, ఉదాహరణకి ఒకటి డీసీ, ఇంకొకటి 50 Hz అయినప్పుడు, ఫేజర్లన్నీ ఒకే సమీకరణంలో కలపలేం కాబట్టి దాన్ని పట్టుకోవాల్సిందే. మిగతాచోట్ల అది ఒక్క లెక్కని రెండు మూడు లెక్కలు చేస్తుంది. డీసీలో పవర్ కోసమైతే ముందు కరెంట్లు కలిపి ఆ తర్వాతే వర్గం చేయాలి. 1 Ω లో ఒక సోర్స్ వల్ల 2 A, ఇంకోదాని వల్ల అదే దిశలో 3 A పారితే పవర్ 25 W, 13 W కాదు.

స్విచ్ తెరిచే, మూసే లెక్కలు ఈ చార్ట్‌లోకి రావు. వాటిలో మొదట అడగాల్సింది కెపాసిటర్ వోల్టేజ్, ఇండక్టర్ కరెంట్ స్విచ్ మారకముందు ఎంత అన్నది. అందుకే వాటికి వేరే పేజీ పెట్టుకున్నాను.