సున్నాలు ఎక్కువున్నాయని జీరో-ఇన్‌ఫ్లేటెడ్ అని రాసేయకండి

స్టాటిస్టిక్స్ పేపర్‌లో నాకు అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టిన టాపిక్ కౌంట్ డేటా మోడల్స్. ఒక మాక్ టెస్టులో ఇలా అడిగారు: 200 మంది డేటా, సగటు 1.5, వేరియన్స్ 6, సున్నాలు 102. ఏ మోడల్ సరిపోతుంది? సగానికి పైగా సున్నాలే కదా అని జీరో-ఇన్‌ఫ్లేటెడ్ పాయిజాన్ అని రాశాను. పది మార్కులకు రెండు వచ్చాయి. ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకోడానికి కూర్చున్న ఆ సాయంత్రమే ఈ టాపిక్ నాకు నిజంగా అర్థమైంది.

ముందు పాయిజాన్ ఎన్ని సున్నాలు ఇస్తుందో లెక్కేశాను. e^(-1.5) అంటే 0.223, అంటే 200 మందిలో 45 సున్నాలు. ఉన్నవి 102. ఇక్కడి వరకూ అందరం చేస్తాం. నేను ఆగిపోయిందీ ఇక్కడే. పాయిజాన్ సరిపోలేదంటే సున్నాలు అదనంగా ఉన్నాయని తేలినట్టు కాదు. పాయిజాన్‌లో వేరియన్స్ సగటుకి సమానంగా ఉండాలి, ఇక్కడ నాలుగు రెట్లుంది. ముందు దాని సంగతి చూడాలి.

నెగెటివ్ బైనామియల్‌లో సగటు μ అయితే వేరియన్స్ μ + αμ². కాబట్టి α = (6 − 1.5) / 2.25 = 2. దాని తిరగేసిన విలువ θ = 0.5. సున్నా వచ్చే సంభావ్యత (θ/(θ+μ))^θ, అంటే 0.25 కి వర్గమూలం, 0.5. అంటే 100 సున్నాలు! ఉన్నవి 102. అదనపు సున్నాలు అంటూ ఏమీ లేవు.

కారణం ఇది. ఒక్కొక్కరి రేటు ఒక్కోలా ఉండి, ఆ రేట్లు గామా పంపిణీలో ఉంటే, కలిపి చూసినప్పుడు నెగెటివ్ బైనామియల్ వస్తుంది. గ్రీన్‌వుడ్, యూల్ 1920లో ప్రమాదాల లెక్కల కోసం చూపించింది ఇదే. θ ఒకటి కంటే తక్కువైతే గామా సున్నా దగ్గర గుట్టలా పేరుకుంటుంది. చాలామందికి రేటు దాదాపు సున్నా. అందుకే సున్నాలు పుట్టుకొస్తాయి, ఎప్పుడూ సున్నాయే ఇచ్చే వర్గం విడిగా అవసరం లేదు.

మరి జీరో-ఇన్‌ఫ్లేటెడ్ ఎప్పుడు? ఈ ఉదయం ఎన్ని సిగరెట్లు తాగారని అడిగారనుకోండి. అసలు అలవాటే లేనివాళ్ల సున్నా ఖాయం. అలవాటున్నా ఈ ఉదయం తాగనివాళ్ల సున్నా యాదృచ్ఛికం. సగం మందికి అలవాటు లేదు, మిగతావాళ్లది సగటు 3 ఉన్న పాయిజాన్ అనుకుందాం. మొత్తం సగటు మళ్లీ 1.5. సున్నాల సంభావ్యత 0.5 + 0.5e^(-3) = 0.525, అంటే 105 సున్నాలు. సగటు అదే, సున్నాలూ దాదాపు అన్నే. కానీ వేరియన్స్ 3.75 మాత్రమే. దీనికి నెగెటివ్ బైనామియల్ పెడితే α = 1, సున్నా సంభావ్యత 0.4, అంటే 80 సున్నాలే. 25 తక్కువ పడ్డాయి. ఇక్కడ నిజంగానే రెండో వర్గం కావాలి.

సున్నాల లెక్క ఒక్కటే చూస్తే ఈ రెండు డేటాలూ ఒకేలా కనిపిస్తాయి. ఒకట్ల దగ్గరికి వస్తే తేడా బయటపడుతుంది. రెండో డేటాలో ఒకట్లు సుమారు 15, రెండ్లు 22, మూడ్లు 22. సున్నా తర్వాత పల్లం, ఆపైన మళ్లీ గుట్ట. మొదటి మోడల్‌లో ఒకట్లు 37 లేదా 38, రెండ్లు 21, అక్కడినుంచి దిగుతూనే పోతుంది. ఫ్రీక్వెన్సీ టేబుల్ ఇస్తే నా కళ్లు మొదట ఒకట్ల మీదకే వెళ్తాయి.

ప్రాక్టికల్‌లో కోవేరియేట్లు ఉంటాయి కాబట్టి సగటుని ఒకేసారి పెట్టి లెక్క కట్టకూడదు. ఒక్కొక్కరి సున్నా సంభావ్యత తీసి కూడాలి:

```r
library(MASS)
library(pscl)
nb <- glm.nb(y ~ x, data = d)
sum(dnbinom(0, mu = fitted(nb), size = nb$theta))
zip <- zeroinfl(y ~ x | z, data = d)
```

రెండో లైన్‌లోని `pscl` చివరి కమాండ్ కోసం. మధ్యలో వచ్చే మొత్తాన్ని `sum(d$y == 0)` తో పోల్చండి. R ఇచ్చే theta మన θ, α కాదు. పుస్తకంలో α ఉంటే తిరగేసుకోవాలి.

ఇంకో చోట కూడా నేను మార్కులు పోగొట్టుకున్నాను, అది గుర్తుల దగ్గర. `zeroinfl` లో `|` తర్వాతి భాగం ఖాయం సున్నా వర్గంలో ఉండే సంభావ్యతని మోడల్ చేస్తుంది. అక్కడ z కి ధన గుణకం వస్తే, z పెరిగేకొద్దీ ఖాయం సున్నాలు పెరుగుతాయి, అంటే సగటు కౌంట్ తగ్గుతుంది. అదే ప్యాకేజీలోని `hurdle` లో ఆ భాగం సున్నా దాటే సంభావ్యత, కాబట్టి గుర్తు తిరగబడుతుంది. జవాబులో "ఈ భాగం దేని సంభావ్యత" అన్న ఒక్క వాక్యం ముందు రాసుకుని, ఆ తర్వాతే వివరణ మొదలుపెడుతున్నాను.